పండగ శుభాకాంక్షల వీడియోలో మామయ్యగారి పాత క్యాసెట్ గొంతు పెట్టాలా?

నీలిమబ్బు
అందరికీ నమస్కారం. పండగకి ఇంకా పందొమ్మిది రోజులుంది. ఏటా మేం నలుగురం, అంటే నేను, మా ఆయన, పిల్లలిద్దరు, ఇక్కణ్నుంచి ఇంటికి ఒక వీడియో పంపిస్తాం. శుభాకాంక్షలు చెప్పి, పిల్లలతో రెండు మాటలు మాట్లాడించి పెడతాం. అందరూ చూసి చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, అంతటితో అయిపోతుంది.

ఈసారి సంగతి వేరు. మామయ్యగారు పోయాక ఇంటిల్లిపాదీ ఒకచోట చేరే మొదటి పండగ ఇదే. అత్తయ్య, బావగారి కుటుంబం, మా ఆడపడుచు, పినమామగారి పిల్లలు, అందరూ కలిపి ఇరవై మంది దాకా ఉంటారు. మేమే వెళ్లలేకపోతున్నాం.

మొన్న అటక మీద పెట్టెలు సర్దుతుంటే ఒక క్యాసెట్ దొరికింది. 1996లో మా ఆయన కొత్తగా ఇక్కడికొచ్చినప్పుడు మామయ్యగారు మాట్లాడి రికార్డు చేసి పోస్టులో పంపించింది. అప్పట్లో ఫోన్ చేస్తే నిమిషం లెక్కన డబ్బు కదా, అందుకని ఉత్తరం బదులు క్యాసెట్. మీద ఆయన చేతిరాతతో "చిన్నవాడికి, పండగకి" అని ఉంది. ఆ రెండు మాటలు చూసి మా ఆయన చాలాసేపు పెట్టె పక్కనే కూర్చుండిపోయారు.

ఇప్పుడు ఆ గొంతుని ఈ ఏడాది వీడియోలో పెట్టి పంపుదాం అంటున్నారు. నాకు రెండు సందేహాలు. ఇరవై ఏళ్లుగా ఎవరూ వేయని క్యాసెట్‌ని పాడవకుండా వినడం ఎలా? రెండోది, అసలు నన్ను నిద్రపోనివ్వనిది: పండగ రోజు నలుగురి మధ్య ఆ గొంతు వింటే అత్తయ్య ఏమైపోతారో. ఆవిడకి డెబ్భై ఆరు.

పరుగుబండి
ఇందులో టెన్షన్ ఏముందండీ. ఏదో ఒక టేప్ రికార్డర్‌లో వేసి, పక్కన సెల్‌ఫోన్ పెట్టి రికార్డు చేసేయండి. గరగర ఉంటే శబ్దం తీసేసే యాప్‌లు బోలెడున్నాయి, అందులో వేస్తే నిన్న మాట్లాడినట్టు వస్తుంది. వెనకాల సన్నగా ఒక ఫ్లూట్ మ్యూజిక్ పెట్టండి, చాలా బాగుంటుంది. వాట్సాప్‌లో మాత్రం పంపకండి, క్వాలిటీ మొత్తం పోతుంది.

పంచాంగం_చూసేవాడు
నమస్కారం నీలిమబ్బు గారూ. విదేశాల్లో ఉన్నవాళ్లు పండగ ఏ రోజు చేసుకోవాలనే కదా మీ ప్రశ్న? తిథి మారే క్షణం లోకమంతటికీ ఒక్కటే. కానీ ఆ తిథి ఏ రోజుది అన్నది మీరున్న చోట సూర్యోదయాన్ని బట్టి తేలుతుంది. అందుకే కొన్నిసార్లు మీకు ఒక రోజు ముందే వస్తుంది. ఇంటి దగ్గర క్యాలెండర్ చూసి చేసుకోకుండా మీ ఊరికి గణించిన పంచాంగం చూసుకోండి.

నీలిమబ్బు
@పంచాంగం_చూసేవాడు గారూ, ధన్యవాదాలు. నేనడిగింది అది కాదు గానీ, మంచి మాటే గుర్తుచేశారు. ఈసారి మాకు ఒక రోజు తేడా ఉందో లేదో చూసుకోవాలి. వీడియో మా పండగ రోజుకి కాదు, వాళ్ల పండగ రోజుకి చేరాలి కదా.

పాతరేడియో
నీలిమబ్బు గారూ, దయచేసి ఆ క్యాసెట్‌ని ఇంకా ఎందులోనూ వేయకండి. ముప్పై ఏళ్లుగా టేపులతోనే నా పని. మా అమ్మగారి పాటల టేపు ఒకటి తొందరపడి నా చేతులారా పాడుచేసుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు క్యాసెట్ పై అంచున, వెనకవైపు రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే రెండూ విరిచేయండి. అవి ఉన్నంతసేపు పొరపాటున రికార్డు బటన్ నొక్కితే పాత గొంతు మీద కొత్తది ఎక్కిపోతుంది. నేను అలాగే పోగొట్టుకున్నాను. పదకొండు సెకన్లు. ఈ రోజుకీ ఆ పదకొండు సెకన్ల చోట ఫ్యాను చప్పుడే వినిపిస్తుంది.

తర్వాత దాన్ని వెలుతురులో పట్టుకుని మధ్యలో ఉన్న కిటికీలోంచి చూడండి. చుట్టిన టేపు అంచుల మీద తెల్లగా పిండి చల్లినట్టు ఉంటే అది బూజు. అలా ఉంటే ఇంట్లో వేయవద్దు, ఆ పని తెలిసినవాళ్లకి ఇవ్వండి. లేకపోతే, టేపు బయటికి కనిపించే అంచున సరిగ్గా మధ్యలో, ఒక చిన్న రేకు మీద అతికించిన మెత్తటి ముక్క ఉండాలి. టేపుని హెడ్‌కి ఆనించి పట్టుకునేది అదే. ఏళ్లు గడిస్తే జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకుండా వేస్తే గొంతు గోడ అవతలి నుంచి వస్తున్నట్టు, వస్తూ పోతూ ఉంటుంది. అప్పుడు టేపు పాడైందనుకుని పారేసేవాళ్లున్నారు. పాడవలేదు, ఆ ముక్క మార్చితే చాలు.

అన్నీ బాగుంటే టేపుని ఒకసారి చివరిదాకా, మళ్లీ మొదటిదాకా చుట్టండి. ఏళ్ల తరబడి కదలని పొరలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, అవి విడాలి. మొదట పెన్సిల్ దూర్చి చేత్తో కొన్ని చుట్లు తిప్పి చూడండి. బిగుతుగా ఉంటే మెషీన్‌కి అప్పగించవద్దు.

@పరుగుబండి గారు చెప్పినట్టు పక్కన ఫోన్ పెట్టి రికార్డు చేయకండి. గది చప్పుడంతా కలుస్తుంది. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి కంప్యూటర్‌కి కలిపి, ఒక వైపు మొత్తం ఆపకుండా WAV ఫైలుగా తీసుకోండి. ఆ ఫైలుని ముట్టుకోకుండా దాచేసి, కోతలూ సవరణలూ దాని కాపీ మీద చేయండి.

పరుగుబండి
గరగర తీసే యాప్ వాడితే తప్పేంటండీ? నేను మా పెళ్లి క్యాసెట్‌కి వాడాను, బాగానే వచ్చింది.

పాతరేడియో
కొంచెం వాడితే తప్పు లేదండీ. ఎక్కువ వాడితే గరగరతో పాటు మాటల అంచులు కూడా పోతాయి, నీళ్లలోంచి మాట్లాడినట్టు అవుతుంది. పాటకైతే సర్దుకోవచ్చు. మనిషి గొంతు, అందులోనూ ఆ మనిషి భార్య వినబోయే గొంతు, మారిపోతే ఆవిడ పోల్చుకోలేరు. గరగర ఉండనివ్వండి. అది టేపు అని అందరికీ తెలుసు.

వాట్సాప్ గురించి మీరన్నది సగం నిజం. వీడియోని మామూలుగా పంపితే కుదించేస్తుంది. అదే ఫైలుని 'డాక్యుమెంట్' అనే చోటు నుంచి పంపితే ఉన్నదున్నట్టు వెళుతుంది, 2 జీబీ దాకా పడుతుంది. మూడు నాలుగు నిమిషాల వీడియోకి అది చాలా ఎక్కువ.

మేనత్త
నేను ఈ వేదికలో ఎక్కువ రాయను. ఇది చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

నేను అటువైపు మనిషిని, అంటే ఇంటి దగ్గర ఉండి వీడియోలు అందుకునేదాన్ని. నాలుగేళ్ల కిందట మా అబ్బాయి ఇలాగే వాళ్ల నాన్న గొంతు పెట్టి పండగ రోజు పొద్దున పంపించాడు. ప్రేమతోనే చేశాడు. కానీ నాకు ముందు చెప్పలేదు. టీవీకి కలిపి అందరి ముందూ వేశారు. మా వారి గొంతు వినపడగానే గదిలో ఉన్న అందరి తలలూ నావైపు తిరిగాయి. ఒకరు సెల్‌ఫోన్‌తో నన్నే వీడియో తీస్తున్నారు, అబ్బాయికి పంపాలని. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేకపోయాను. చుట్టాలున్నారు, వంటింట్లో పని ఉంది, పిల్లలు చూస్తున్నారు. నవ్వు మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన ఏమన్నారో ఒక్క మాట కూడా నా చెవికెక్కలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక ఒక్కదాన్నే మళ్లీ వేసుకుని విన్నాను. అప్పుడు విన్నాను ఆయన్ని.

అమ్మా నీలిమబ్బూ, మీ అత్తగారికి ముందే చెప్పు. ఫోన్‌లో నువ్వు చెప్పడం కన్నా పక్కన మీ ఆడపడుచు కూర్చుని చెప్పడం మంచిది. పండగకి రెండు మూడు రోజుల ముందు, ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు. వింటారా, ఎప్పుడు వింటారు, ఒక్కరే వింటారా అని అడగండి. వద్దంటే వీడియోలోంచి తీసేయండి.

గోరువంక
మేనత్త గారు చెప్పింది గుండెకి తగిలింది. కానీ నా అనుభవం వేరు. మా తాతయ్య పాడిన పద్యం ఒకటి ఇలాగే అనుకోకుండా వినిపించాం. మా నాన్నమ్మ ఏడ్చింది, తర్వాత పగలంతా ఆయన కబుర్లే చెప్పింది. ముందే అడిగి ఉంటే "ఇప్పుడెందుకులే అమ్మా" అని తప్పకుండా వద్దనేది. పెద్దవాళ్లు మనల్ని ఇబ్బంది పెట్టకూడదని వద్దంటారు. ఆ వద్దుని పట్టుకుని మనం ఆపేస్తే వాళ్లకి దక్కాల్సింది దక్కదు కదా?

మేనత్త
మీ నాన్నమ్మగారి స్వభావం మీకు తెలుసు, అందుకే సరిపోయింది. నేను పోయినాయన గొంతు వినకూడదని అనడం లేదమ్మా. నలుగురూ నా మొహం చూస్తుండగా మొదటిసారి వినకూడదు అంటున్నాను.

దూరపుకొండ
నా సంగతి చెబుతాను, పనికొస్తుందేమో. రెండేళ్ల కిందట నేను పదకొండు నిమిషాల వీడియో చేశాను. పాత ఫోటోలు నూట ముప్పై, వెనకాల పాట, మధ్యలో నా మాటలు. మూడు వారాంతాలు కూర్చున్నాను. అమ్మకి ఫోన్ చేసి అడిగితే "చాలా బాగుంది నాన్నా" అంది. ఎందులో ఏది నచ్చిందని గుచ్చి అడిగితే తెలిసింది, ఆమెకి నా మాటలు ఒక్కటీ అర్థం కాలేదట. పాట మాత్రమే వినిపించిందట.

తర్వాత చెవుల డాక్టరు దగ్గర అర్థమైంది. వయసు మీద పడ్డాక ముందు పోయేది సన్నటి శబ్దాలు. స, ష, త, క లాంటి అక్షరాలు చెవికి అందవు. చప్పుడు వినిపిస్తుంది, మాట తెలియదు. వెనకాల పాట ఉంటే ఆ కాస్తా పోతుంది. అందుకే గట్టిగా అరిచినా లాభం లేదు. నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఇస్తూ, పెదవులు కనిపించేలా మాట్లాడాలి. వెలుగు మన మొహం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా అయిపోయి పెదవులు కనబడవు.

పరుగుబండి గారి ఫ్లూట్ మాత్రం వద్దండీ.

పరుగుబండి
ఫ్లూట్ వెనక్కి తీసుకుంటున్నాను. మా నాన్నకి కూడా ఈ మధ్య ఇదే అవుతోంది. టీవీ సౌండ్ పెంచుతారు, అయినా "ఏమన్నాడు?" అని అడుగుతారు. నేను చిరాకు పడేవాణ్ని.

నీలిమబ్బు (ఆరు రోజుల తర్వాత)
క్షమించండి, ఆలస్యమైంది. పాతరేడియో గారు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాం. బూజు లేదు. మెత్తటి ముక్క ఊడిపోయి లోపల అడుగున పడి ఉంది. వేరే పనికిరాని క్యాసెట్‌లోది తీసి మార్చారు మా ఆయన. చేతులు వణుకుతుంటే మా పెద్దవాడు టార్చి పట్టుకున్నాడు.

వేయగానే గొంతు వచ్చింది. కానీ మా ఆయన మొహం చిన్నబోయింది. "నాన్న గొంతు ఇంత బొంగురు కాదు, ఇంత నెమ్మదిగా మాట్లాడరు" అన్నారు. టేపు సాగిపోయిందేమో అని భయపడ్డాం. ఒక వైపు మొత్తం అవ్వడానికి ముప్పై మూడు నిమిషాలు పట్టింది. ఇది అరవై నిమిషాల క్యాసెట్.

పాతరేడియో
టేపు సాగలేదండీ. సాగితే అక్కడక్కడా గొంతు ఊగుతుంది, మొదటి నుంచి చివరిదాకా ఒకేలా బరువుగా ఉండదు. మీ టేప్ రికార్డర్‌లో రబ్బరు బెల్టు వదులై మెషీన్ నెమ్మదిగా తిరుగుతోంది. అరవై నిమిషాల క్యాసెట్ ఒక వైపు ముప్పై నిమిషాలు దాటి కొద్దిగా నడుస్తుంది, ముప్పై మూడు నడవదు.

నమ్మకం కుదరాలంటే, మీకు బాగా తెలిసిన పాటల క్యాసెట్ ఏదైనా అదే మెషీన్‌లో వేయండి. పాట అసలు ఎంతసేపో తెలుసు కాబట్టి ఎంత వెనకబడుతోందో లెక్క తేలుతుంది. బెల్టు మార్చిస్తే అన్నిటికన్నా మంచిది. వీలు కాకపోతే కంప్యూటర్‌లో వేగం పెంచండి. సాఫ్ట్‌వేర్‌లో గొంతు శృతి కదలకుండా వేగం ఒక్కటే మార్చే పద్ధతి కూడా ఉంటుంది, అది కాదు. రెండూ కలిసి పెరగాలి, టేపు తిరిగేటప్పుడు జరిగేది అదే కాబట్టి. నూటికి ఏడు, ఎనిమిది దగ్గర మొదలుపెట్టి మీ ఆయన్ని కళ్లు మూసుకుని వినమనండి. ఇక్కడ కొలబద్ద ఆయన చెవే.

నీలిమబ్బు
మా పాటల క్యాసెట్‌లో ఐదు నిమిషాల పాట ఇరవై నాలుగు సెకన్లు ఎక్కువ తీసుకుంది. లెక్క వేస్తే నూటికి ఎనిమిది. అలాగే పెంచాం. మా ఆయన కళ్లు మూసుకుని విన్నారు. మూడో వాక్యానికి "ఇదే" అన్నారు. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు విన్న సంగతి చెప్పాలి. మొదటి ఐదారు నిమిషాలు మామయ్యగారు ఉత్తరం చదివినట్టు చదివారు. ఆరోగ్యం జాగ్రత్త, వేళకి తిను, ఇక్కడ అందరం క్షేమం. కాగితం తిప్పిన చప్పుడు కూడా తెలుస్తోంది. వీడియోలో పెడితే దీవెన భాగం పెట్టాలి అనుకున్నాం మొదట.

పద్నాలుగో నిమిషంలో ఒకటుంది. ఆయన మాట్లాడుతుండగా దూరం నుంచి అత్తయ్య గొంతు. "కరెంటు పోయింది, టేపు ఆగిపోయిందేమో చూడండి." ఆయన, "ఆగలేదు, బ్యాటరీల మీద నడుస్తోంది, నువ్వూ రా, వాడితో మాట్లాడు." అత్తయ్య, "నాకేం మాట్లాడాలో తెలీదు." ఆయన నవ్వారు. తర్వాత మెల్లగా, మా ఆయనతో అన్నట్టు, "గుమ్మం దగ్గర నీ పెన్సిలు గీతలున్నాయి కదరా, రంగులు వేసినప్పుడు అక్కడ వెయ్యనివ్వలేదు మీ అమ్మ" అన్నారు.

మా ఆయనా, బావగారూ, మా ఆడపడుచూ చిన్నప్పుడు ఎంత పొడుగు పెరిగారో పుట్టినరోజుకి గుమ్మానికి ఆనించి గీతలు గీసేవారట. నాకు ఇన్నేళ్లలో ఈ సంగతి తెలియదు.

అన్నీ కలిపి నలభై రెండు సెకన్లు.

మేనత్త
దీవెన వద్దమ్మా. ఆ నలభై రెండు సెకన్లే పెట్టు. అందులో ఆవిడ కూడా ఉన్నారు. అప్పటి తన గొంతు ఆవిడ ఎప్పుడూ విని ఉండరు.

గోరువంక
నేనూ అదే అంటాను. ఆ గుమ్మం ఇంకా ఉందా?

నీలిమబ్బు
ఉందట! బావగారి అమ్మాయికి రహస్యంగా మెసేజ్ పెట్టాను. గీతలు ఇంకా ఉన్నాయి, మసకగా. ఫోటో తీసి పంపింది గానీ ఫ్లాష్ వేసి తీసింది, చెక్క మెరుపు తప్ప గీత కనిపించడం లేదు.

పాతరేడియో
ఫ్లాష్ తీసేసి, టార్చిని గుమ్మం పక్కనుంచి, దాదాపు చెక్కకి ఆనించినట్టు వెలిగించమనండి. పెన్సిలు నొక్కిన చోట పడిన సన్నటి గాడి కూడా నీడతో లేచి కనిపిస్తుంది. ఫోన్ గుమ్మానికి ఎదురుగా నిటారుగా ఉండాలి. ఫోటోని వాట్సాప్‌లో డాక్యుమెంటుగానే పంపమనండి.

దూరపుకొండ
ఇంకో మాట. మీ అత్తగారికి వినికిడి ఎలా ఉంది? పాత టేపు గరగరలో దూరం నుంచి వచ్చే మాట ఆవిడకి అందుతుందా? ఆ సంభాషణని పెద్ద అక్షరాలతో కాగితం మీద రాయించి చేతికివ్వండి. ఎవరు ఏమన్నారో కళ్లతో చదువుతూ వింటే చెవి పట్టుకుంటుంది. మా అమ్మ దగ్గర ఇప్పుడు ఇదే చేస్తున్నాను.

మరో సంగతి, వీడియో కాల్ పెట్టుకుని మీ దగ్గర టేపు వేసి వాళ్లకి వినిపించాలని చూడొద్దు. కాల్ యాప్‌లు ఎదురుగా మాట్లాడే మనిషి గొంతు కానిదంతా చప్పుడు అనుకుని నొక్కేస్తాయి. మాకు సగం మాటలు మింగేసింది. ఫైలు ముందే పంపండి, వాళ్ల టీవీకో స్పీకర్‌కో కలిపి అక్కడే వేసుకోవాలి.

నీలిమబ్బు
అత్తయ్యకి ఒక చెవికి మిషన్ ఉంది. కాగితం సంగతి తప్పకుండా చేయిస్తాను.

వీడియో ఇలా అనుకుంటున్నాం, చెప్పండి. మొదట నలుగురం శుభాకాంక్షలు, ఒక్కొక్కరం ఒక్క వాక్యం. తర్వాత గుమ్మం ఫోటో మీద ఆ నలభై రెండు సెకన్లు. దాని వెంటనే మా చిన్నది ఇక్కడ మా ఇంటి గుమ్మానికి ఆనుకుని నిలబడితే మా ఆయన పెన్సిలుతో గీత గీస్తారు. మాటలేమీ ఉండవు, పెన్సిలు చప్పుడు మాత్రమే. చివర ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న అడుగుతాం. మొత్తం మూడు నిమిషాల పది సెకన్లు వచ్చింది.

ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. "మీ జ్ఞాపకాలు పంచుకోండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. ఇదివరకు అడిగాం, అందరూ "అవి బంగారు రోజులు" అని ఊరుకున్నారు.

గోరువంక
జ్ఞాపకం అని అడగకండి, ఒక వస్తువు గురించి అడగండి. గుమ్మం మీద ఎవరి గీత ఏది? దాని పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు గీశారు, ఎవరు మునివేళ్ల మీద లేచి మోసం చేశారు? ఇలా అడిగితే మా ఇంట్లో మాట్లాడని మా చిన్నాన్న కూడా ఇరవై నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. సరిదిద్దకండి, ఇద్దరిదీ దాచుకోండి.

పంచాంగం_చూసేవాడు
మీ దగ్గర గడియారాలు మార్చే రోజు ఈ మధ్యలో పడుతుందేమో కూడా చూసుకోండమ్మా. మా అబ్బాయి పోయినసారి సరిగ్గా అక్కడే పొరపడి గంట ఆలస్యంగా కాల్ చేశాడు, అప్పటికే అందరూ లేచి వెళ్లిపోయారు.

నీలిమబ్బు
పడుతుందండీ! గడియారం వెనక్కి జరిపాక మాకూ ఇంటికీ తేడా తొమ్మిదిన్నర గంటల నుంచి పదిన్నర అవుతుంది. మేం తొమ్మిదిన్నర లెక్కనే అనుకున్నాం. చాలా మేలు చేశారు.

నీలిమబ్బు (పండగ మర్నాడు)
ఏం జరిగిందో చెప్పాలి, మీ అందరికీ చెప్పకపోతే నాకు తోచదు.

పండగకి మూడు రోజుల ముందు మధ్యాహ్నం మా ఆడపడుచు అత్తయ్య పక్కన కూర్చుని చెప్పింది. అత్తయ్య కాసేపు మాట్లాడలేదట. తర్వాత "ఇప్పుడే వెయ్యి" అన్నారట. కాగితం చేతికిచ్చి స్పీకర్‌లో వేసింది. నాలుగుసార్లు విన్నారు. మొదటిసారి కాగితం చూస్తూ, తర్వాత కాగితం పక్కన పెట్టేసి.

వినడం అయ్యాక ఆవిడ అన్న మొదటి మాట: "ఆ రోజు కరెంటు పోలేదు, మా వీధిలో అందరికీ ఉంది. మా ఇంట్లో ఫ్యూజు పోయింది. ఆయన చెయ్యి కాల్చుకుంటారేమోనని ఫ్యూజు వైరు దాచేశాను, అది ఎక్కడ దాచానో మర్చిపోయాను." టేపులో ఆవిడే కరెంటు పోయిందన్నారు కదా అని మా ఆడపడుచు అంటే, "వాడికి కంగారని అలా అన్నాను" అన్నారట. మేం ఎవరం కాదనలేదు.

పండగ రోజు అందరి ముందూ వేయమని ఆవిడే అడిగారు. టీవీకి ఎదురుగా కాకుండా పక్కకి కూర్చున్నారట, అందరి మొహాలూ తనకి కనిపించేలా. ఎవరూ ఫోన్ పైకెత్తలేదు, మా ఆడపడుచు ముందే అందరికీ చెప్పి పెట్టింది. మా చిన్నదానికి గీత గీసేటప్పుడు మా బావగారు లేచి గుమ్మం దగ్గరికి వెళ్లి, తన గీత పక్కన నిలబడి చూసుకున్నారట.

సాయంత్రానికి పదిహేడు వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. అన్నిటికన్నా పై గీత ఎవరిదన్న దాని మీద ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారు. అత్తయ్య నాతో ఫోన్‌లో అరగంట మాట్లాడారు. రెండో వైపు కూడా పంపమన్నారు, మొత్తం.

మేనత్త
చల్లగా ఉండండి తల్లీ. చదువుతుంటే నా కళ్లు ఆగలేదు.

నీలిమబ్బు
మేనత్త గారూ, మీరు ఆ రోజు రాయకపోయుంటే మేం నేరుగా పండగ పొద్దున పంపేసేవాళ్లం.

ఇప్పుడు ఇంకో చిక్కు. రెండో వైపు మేం నిన్న రాత్రే మొత్తం విన్నాం. అందులో ఒకచోట మామయ్యగారు తన తమ్ముడి మీద, అంటే మా పినమామగారి మీద, డబ్బు విషయంలో నొచ్చుకుని నాలుగు మాటలన్నారు. తర్వాత ఇద్దరూ కలిసిపోయారు, పినమామగారు ఇప్పుడు లేరు కూడా. ఆయన పిల్లలు ఆ ఇంట్లోనే తిరుగుతుంటారు. అత్తయ్య ఒక్కరే వింటారన్న నమ్మకం లేదు. ఆ ఒకటిన్నర నిమిషం తీసేసి పంపాలా, ఉన్నదున్నట్టు పంపాలా?

గోరువంక
ఉన్నదున్నట్టు పంపండి. ఆవిడ అడిగింది మొత్తం కదా. ఆ గొడవ ఆవిడకి కొత్తదేమీ కాదు.

మేనత్త
ఆవిడకి కొత్త కాదు, పిల్లలకి కొత్త. నేనైతే తీసేసి పంపుతాను, తీసేశానని ఆవిడకి చెప్పి.

పాతరేడియో
ఏది చేసినా మొదట తీసుకున్న ఫైలుని మాత్రం కోయకండి. రెండు చోట్ల దాచండి. క్యాసెట్‌ని కూడా నిలువుగా, డబ్బాలో పెట్టి, స్పీకర్లకి దూరంగా ఉంచండి.

నీలిమబ్బు
దాచానండీ. రేపు మా ఆయన అత్తయ్యకి ఫోన్ చేసి ఆవిడనే అడుగుతానంటున్నారు. అక్కడ పొద్దున ఏడున్నరకి, ఆవిడ ఒక్కరే లేచి ఉండే వేళకి.